డాలరు నడిచే పదహారు దారులు

భీమవరం దగ్గర వనామీ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడిపే ఒక ఎగుమతిదారు ఉన్నాడనుకుందాం. సరుకంతా అమెరికాకు పోతుంది. మూడు నెలలకోసారి 10 లక్షల డాలర్ల చొప్పున ఏడాదికి 40 లక్షల డాలర్లు చేతికొస్తాయి. చెరువు రైతుకూ, కూలీలకూ, ఐసుకూ, కరెంటుకూ ఆయన చెల్లించేది మాత్రం రూపాయల్లోనే. డాలరు 85 రూపాయలు ఉంటుందన్న లెక్క మీద రైతులకు రేటు ఒప్పుకున్నాడు. రేపు అది 82కు పడితే, లాభం అనుకున్నదంతా అక్కడే కరిగిపోతుంది.

బ్యాంకుకు వెళితే ట్రెజరీ వాళ్లు పుట్ ఆప్షన్ కొనుక్కోమంటారు. ఏడాది తర్వాత డాలరు 85 కన్నా తక్కువకు పడితే ఎంత పడిందో అంతా బ్యాంకు ఇస్తుంది. పడకపోతే ఏమీ ఇవ్వదు, ముందు కట్టిన ప్రీమియం పోతుంది. పంట బీమా లాంటిదే. ఇది సాదా ఆప్షన్. ఎన్ఎస్ఈలో రోజూ చేతులు మారే నిఫ్టీ ఆప్షన్లు కూడా ఈ జాతివే. గడువు రోజున ధర ఎక్కడుందన్నదే వాటికి ముఖ్యం. మధ్యలో ఏ దారిన నడిచి అక్కడికి చేరిందన్నది పట్టదు.

ప్రీమియం ఎక్కువగా ఉందని ఆయన మొహం ముడిచాడంటే, డీలరు రెండు చౌక రకాలు బల్ల మీద పెడతాడు. ఒకటి ఏడాది సగటు ధర మీద లెక్క కట్టే ఏషియన్ ఆప్షన్. రెండోది డాలరు ఫలానా గీత తాకితే రద్దయిపోయే బ్యారియర్ ఆప్షన్. రెంటికీ దారితోనే పని. ధర ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఆ దారులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కన్నా మంచి పద్ధతి లేదు. కాగితం, పెన్సిలు చాలు.

లెక్క తేలిగ్గా ఉండడానికి డాలరును కాస్త మచ్చిక చేసుకుందాం. ఇవాళ 85. ప్రతి మూడు నెలలకూ ఒక రూపాయి పైకో, ఒక రూపాయి కిందికో కదులుతుంది, రెంటికీ సమానమైన అవకాశం. రెండు దేశాల వడ్డీ రేట్ల తేడానూ, బ్యాంకు లాభాన్నీ ప్రస్తుతానికి పక్కన పెడదాం. నాలుగు అడుగులు, అడుగుకు రెండు దిక్కులు, మొత్తం 16 దారులు. ఒక్కో దారిలో ఆప్షన్ ఎంత చెల్లిస్తుందో రాసి, అన్నీ కూడి, 16తో భాగిస్తే వచ్చేదే న్యాయమైన ప్రీమియం. ఆప్షన్ ధర కట్టడంలోని అసలు సంగతి ఇదే. బ్యాంకు కంప్యూటరు 16 దారుల బదులు లక్షల దారులు నడిపిస్తుంది, అంతే తేడా.

సాదా పుట్‌తో మొదలుపెడదాం. నాలుగు అడుగుల తర్వాత డాలరు 81లో ఉండే దారి ఒక్కటే, నాలుగుసార్లూ కిందికి పడినది. 83లో ఆగే దారులు నాలుగు. మిగతా పదకొండు దారుల్లో డాలరు 85లోనో, అంతకన్నా పైనో తేలుతుంది, పుట్‌కు పని లేదు. 40 లక్షల డాలర్ల మీద 81 దగ్గర ఆగితే చెల్లింపు కోటీ 60 లక్షల రూపాయలు, 83 దగ్గర ఆగితే 80 లక్షలు. కూడితే 4 కోట్ల 80 లక్షలు. 16తో భాగిస్తే 30 లక్షలు, అంటే డాలరుకు 75 పైసలు. ఇదీ సాదా పుట్ ధర.

ఇప్పుడు ఏషియన్‌ను చూద్దాం. నాలుగు త్రైమాసికాల చివరి ధరలను కూడి నాలుగుతో భాగిస్తారు, ఆ సగటు 85 కన్నా ఎంత తక్కువైతే అంత చెల్లిస్తారు. డాలరు ఆగకుండా పడితే ధరలు 84, 83, 82, 81. సగటు 82 రూపాయల 50 పైసలు. చెల్లింపు కోటి రూపాయలు. సాదా పుట్ ఇదే దారిలో కోటీ 60 లక్షలు ఇచ్చింది కదా, ఏషియన్ ఇక్కడే వెనకబడింది. కానీ 84, 83, 84, 85 అన్న దారి చూడండి. ఏడాది పొడుగునా తక్కువ ధరకే డాలర్లు మార్చుకుని ఆయన 40 లక్షలు నష్టపోయాడు. చివరి రోజున మాత్రం డాలరు చక్కగా 85కు వచ్చి కూర్చుంది. సాదా పుట్ ఒక్క పైసా ఇవ్వదు. సగటు 84 కాబట్టి ఏషియన్ సరిగ్గా 40 లక్షలు ఇస్తుంది.

16 దారులూ ఇలాగే రాసుకుంటూ పోతే ఏషియన్ ఏడు దారుల్లో డబ్బిస్తుంది. సాదా ఆప్షన్ ఇచ్చేది అయిదింటిలోనే. ఎక్కువసార్లు ఇచ్చేది చౌకగా ఎలా ఉంటుందని మీరు అడగవచ్చు. మొత్తాలు చిన్నవి. కోటి, 80 లక్షలు, 60 లక్షలు, 40 లక్షలు రెండుసార్లు, 20 లక్షలు రెండుసార్లు, మొత్తం 3 కోట్ల 60 లక్షలు. 16తో భాగిస్తే 22 లక్షల 50 వేలు. డాలరుకు 56 పైసల పైచిలుకు. సాదా పుట్ కన్నా నాలుగో వంతు తక్కువ.

దీని వెనక ఉన్నది గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చే ఏ రైతుకైనా తెలిసిన విషయమే. సరుకంతా ఒకే రోజున అమ్మినవాడికి జాక్‌పాట్ తగలవచ్చు, దెబ్బా తగలవచ్చు. నాలుగు విడతల్లో అమ్మినవాడికి రెండూ కాకుండా మధ్యస్తంగా గడుస్తుంది. సగటు అనేది ధర ఎగుడుదిగుళ్లను సాపు చేస్తుంది. ఆప్షన్ ధర అంటేనే ఆ ఎగుడుదిగుళ్ల ధర. అవి తగ్గితే ప్రీమియం తగ్గక తప్పదు. మన నాలుగు అడుగుల బదులు రోజూ ధర నమోదు చేసి, ఇవాళ్టి నుంచి గడువు దాకా సగటు తీస్తే, ఆ సగటు ఊగిసలాట అసలు ధర ఊగిసలాటలో సుమారు 58 శాతమే ఉంటుంది. ఒకటిని మూడు వర్గమూలంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. దాదాపు డబ్బుకు డబ్బు స్ట్రైక్ ఉన్న ఏషియన్ ఆప్షన్ ధర సాదా దాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువగా ఎందుకుంటుందో ఈ ఒక్క సంఖ్యతోనే మనసులో అంచనా వేసుకోవచ్చు.

నిజానికి సాదా పుట్‌తో పోల్చడం ఏషియన్‌కు కాస్త అన్యాయమే. ఆయనకు డాలర్లు ఏడాది చివర ఒకేసారి రావడం లేదు, నాలుగు విడతలుగా వస్తున్నాయి. కాబట్టి ఒక్కో విడతకు 10 లక్షల డాలర్ల చొప్పున నాలుగు సాదా పుట్‌లు కొన్నాడనుకోండి. మన లెక్కలో మొదటి రెండూ డాలరుకు 50 పైసలు, తర్వాతి రెండూ 75 పైసలు. అన్నీ కలిపి 25 లక్షలు. ఏషియన్ ఇంకా రెండున్నర లక్షలు తక్కువే. ఎందుకు? డాలరు 84, 85, 86, 87 దారిన నడిచిందనుకుందాం. మొదటి విడతలో పది లక్షల నష్టం వచ్చిందని మొదటి పుట్ పది లక్షలు ఇస్తుంది. తర్వాతి విడతల్లో వచ్చిన 30 లక్షల లాభం కూడా ఆయనదే. ఏషియన్ అలా ఊరుకోదు. ఏడాది మొత్తం మీద లాభమే కదా అని మొదటి విడత నష్టాన్ని అందులో సర్దేస్తుంది. మొత్తం ఏడాది ఆదాయం నిలబడితే చాలనుకునే వ్యాపారికి అక్కరలేని రక్షణను కోసేసి, ఆ మేరకు ధర తగ్గించినట్టు.

ఈ పేరు రావడానికి కారణం మాత్రం కాస్త తమాషాగా ఉంటుంది. 1987లో బ్యాంకర్స్ ట్రస్ట్ సంస్థకు చెందిన మార్క్ స్టాండిష్, డేవిడ్ స్పాటన్ టోక్యోలో ఉండగా ముడిచమురు సగటు ధర మీద ఆప్షన్‌కు ధర కట్టే సూత్రం తయారుచేశారు. ఆసియాలో ఉండి చేశాం కాబట్టి ఏషియన్ అన్నారు. అంతకు మించి ఆసియాకూ దీనికీ సంబంధం లేదు. చమురు రంగంలో మాత్రం ఇది బాగా నాటుకుంది. నెల పొడుగునా ఇంధనం కొనే విమానయాన సంస్థకు ఏ ఒక్క రోజు ధరతోనూ పని లేదు, సగటుతోనే పని. మెక్సికో ప్రభుత్వం తన చమురు ఆదాయానికి ఏటా కొనే పుట్‌లు ఈ రకానివే. 2009కి బారెల్ 70 డాలర్ల సగటుకు రక్షణ కొంటూ 150 కోట్ల డాలర్ల ప్రీమియం కట్టింది. ఆ ఏడాది ధరలు కూలడంతో 500 కోట్ల డాలర్లకు పైగా తిరిగొచ్చాయి. సగటుకు ఇంకో సుగుణం కూడా ఉంది. ఒక్క గడువు రోజున ఎవరైనా పెద్ద ఎత్తున కొనో అమ్మో ధరను తోసినా, ఏడాది సగటులో అది చీమ కుట్టినట్టే ఉంటుంది.

ఇక బ్యారియర్. ఇక్కడ దారులను సాపు చేయడం ఉండదు, కొన్ని దారులను ఏకంగా కొట్టేస్తారు. అందుకే ఏ దారులు కొట్టేశారన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

మొదట మర్యాదైన రకం. డాలరు 86 తాకిన మరుక్షణం పుట్ రద్దు. వ్యాపార భాషలో నాకౌట్. డాలరు పెరిగిందంటే ఆయనకు మంచిదే కదా, ఇంక రక్షణ ఎందుకన్నది దీని వెనకున్న వాదన. సాదా పుట్ డబ్బిచ్చే అయిదు దారుల్లో ముందు 86కు ఎక్కి తర్వాత 83కు జారేది ఒక్కటే: 86, 85, 84, 83. ఆ ఒక్క దారి 80 లక్షలూ తీసేస్తే ప్రీమియం 30 లక్షల నుంచి 25 లక్షలకు దిగుతుంది. డాలరు 86 తాకిన రోజునే ఫార్వర్డ్‌లో మిగతా డాలర్లు అమ్మేసి 86 రేటును ఖాయం చేసుకునే అలవాటున్న వ్యాపారికి ఇది మంచి బేరం. ఇంకా పెరుగుతుందేమోనని ఆశపడి చేతులు కట్టుకుని కూర్చునేవాడికి మాత్రం ఆ ఒక్క దారే కొంప ముంచుతుంది. పుట్ పోయింది, డాలరూ పడింది.

రెండో రకం చూడటానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గీత కింద ఉంటుంది. డాలరు 82 తాకితే పుట్ రద్దు. ప్రీమియం 15 లక్షలు, సాదా దాంట్లో సరిగ్గా సగం. ఈ సగం ఎక్కడ పోయింది? 84, 83, 82, 81 దారిలో సాదా పుట్ ఇచ్చే కోటీ 60 లక్షలు పోయాయి. 84, 83, 82, 83 దారిలో ఇచ్చే 80 లక్షలూ పోయాయి. ఆయన వ్యాపారానికి నిజంగా దెబ్బ తగిలేది ఈ రెండు దారుల్లోనే. మొదటి దాంట్లో ఏడాది నష్టం కోటి, రెండోదాంట్లో 80 లక్షలు. మిగిలిన మూడు దారుల్లోనూ పుట్ 80 లక్షల చొప్పున ఇస్తుంది, కానీ అక్కడ ఆయన నష్టం 20 లక్షలో, 40 లక్షలో, మహా అయితే 60 లక్షలో. జ్వరం వంద దాటనంత వరకూ మందిచ్చి, వంద దాటగానే ఆస్పత్రి తలుపు మూసే బీమా ఇది. చౌక అనడంలో అబద్ధం లేదు, ధర కూడా న్యాయమైనదే. నా మాట అడిగితే రక్షణ కోసం వెళ్లినవాడు కొనాల్సిన సరుకు మాత్రం కాదు. డాలరు కొద్దిగా పడుతుంది కానీ బాగా పడదు అని పందెం కాసేవాడిది అది.

ఈ రకంలో ఇంకో వింత ఉంది. మార్కెట్లో అలజడి పెరిగితే సాదా ఆప్షన్ ధర పెరుగుతుంది. మన డాలరు ఇప్పుడు మూడు నెలలకు ఒక రూపాయి కాక రెండు రూపాయలు కదులుతుందనుకోండి. సాదా పుట్ ధర 30 నుంచి 60 లక్షలకు పోతుంది. 82 గీత ఉన్న పుట్ విలువ? సున్నా. డాలరు 85 కిందకు చేరి ఆగే ప్రతి దారీ ఇప్పుడు 81ని తాకుతుంది, గీత దాటిపోతుంది. మన దారులు మరీ మోటువి కాబట్టి నిజంగా సున్నాకు పడదు, కానీ దిశ అదే. భయం పెరిగినప్పుడు బీమా విలువ పెరగాలి. ఇది తరుగుతుంది.

నాకౌట్‌కు తోబుట్టువు నాకిన్. గీత తాకేదాకా అది నిద్రలో ఉంటుంది, తాకితే మేలుకుని సాదా పుట్ అవుతుంది. 82 గీతతో నాకిన్ పుట్ డబ్బిచ్చేది నాకౌట్ వదిలేసిన ఆ రెండు దారుల్లోనే, కాబట్టి దాని ధరా 15 లక్షలే. ఒకే గీతతో నాకిన్, నాకౌట్ రెండూ కొంటే ఏ దారిలోనైనా ఏదో ఒకటి బతికి ఉంటుంది. కాబట్టి రెండింటి ధరలూ కలిపితే సాదా ఆప్షన్ ధర రావాలి. పెద్ద గణితం రాని కస్టమరు చేతిలో ఉన్న మంచి తూకం ఇది. మూడింటికీ ధరలు అడిగి, కూడి చూస్తే, బ్యాంకు తన లాభం ఎక్కడ ఎంత వేసుకుందో బయటపడుతుంది.

మన 16 దారుల్లో ఒక లోపం ఉంది, చెప్పకపోతే తప్పు. మనం డాలరును మూడు నెలలకోసారే చూశాం. ఈ లోపల అది 82ను తాకి వెనక్కి వచ్చి ఉండవచ్చు. ఒప్పందంలో నిరంతరం గమనిస్తామని ఉంటే, అర్ధరాత్రి న్యూయార్కులో ఒక్క క్షణం తాకినా ఆప్షన్ పోయినట్టే. రోజుకోసారి, ఎఫ్‌బీఐఎల్ ప్రకటించే రిఫరెన్స్ రేటుతోనే చూస్తామని ఉంటే అలాంటి క్షణాలు లెక్కలోకి రావు. తరచుగా చూసేకొద్దీ ఎక్కువ దారులు చస్తాయి, నాకౌట్ చౌకవుతుంది. తాకిందని ఎవరు తేలుస్తారు, ఏ రేటుతో, ఏ సమయంలో అన్న వాక్యాలు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి, కానీ ప్రీమియంలో వాటి వాటా చిన్నది కాదు. గడువు దగ్గరపడి డాలరు 82 రూపాయల 5 పైసల దగ్గర ఊగుతుంటే పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంటుంది. తాకకపోతే డాలరుకు దాదాపు మూడు రూపాయలు, తాకితే సున్నా. 5 పైసల మీద 40 లక్షల డాలర్లకు కోటికి పైగా తేడా. అక్కడ బ్యాంకు తన ముప్పును సరిచూసుకోవడానికే పెద్ద మొత్తాల్లో కొనాలి, అమ్మాలి. ఏషియన్‌లో దీనికి పూర్తిగా ఎదురు. గడువు దగ్గరపడేసరికి సగటులో చాలా భాగం నమోదైపోయి ఉంటుంది, చివరి రోజులకు కదిలించే శక్తి ఉండదు.

సూత్రాల సంగతి కూడా ఒక మాట. బ్లాక్, షోల్స్ సాదా ఆప్షన్ సూత్రం అచ్చయిన 1973లోనే రాబర్ట్ మెర్టన్ తన వ్యాసంలో ఒక రకం నాకౌట్ కాల్‌కూ సూత్రం ఇచ్చాడు. బ్యారియర్ పైకి జటిలంగా కనిపించినా గణితానికి లొంగుతుంది. ఏషియనే మొండికేసింది. ధరల గుణకార సగటుకు చక్కని సూత్రం దొరుకుతుంది కానీ, ఒప్పందాల్లో వాడే మామూలు సగటుకు దొరకదు. 1990లో కెమ్నా, వోర్స్ట్ ఒక ఉపాయం చూపించారు. లక్షల దారులు నడిపించి రెండు సగటులకూ ధర కట్టాలి, గుణకార సగటు విషయంలో సూత్రానికీ లెక్కకూ వచ్చిన తేడాను పట్టుకుని మామూలు సగటు ధరను దిద్దుకోవాలి.

మన దేశంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు రిటైల్ కస్టమర్ల కోవలోకి వచ్చే చిన్న వ్యాపారులకు సాదా ఆప్షన్లు, వాటి తేలికపాటి జోడింపులు వరకే దారి ఇచ్చాయి. ఆ జాగ్రత్త ఎందుకో దక్షిణ కొరియా అనుభవం చూస్తే తెలుస్తుంది. 2007, 2008 ప్రాంతంలో అక్కడి చిన్న ఎగుమతిదారులకు బ్యాంకులు కీకో అనే ఒప్పందాలు అమ్మాయి. నాకిన్, నాకౌట్ పదాల పొడి అక్షరాలే ఆ పేరు. ఎగుమతిదారుకు దక్కేది కింద గీత ఉన్న నాకౌట్ పుట్. ప్రీమియం బదులు ఆయన బ్యాంకుకు రాసిచ్చేది పైన గీత ఉన్న నాకిన్ కాల్, అంటే డాలరు ఆ గీత తాకితే పాత రేటుకే డాలర్లు ఇస్తానన్న మాట, అదీ చాలాసార్లు రెట్టింపు మొత్తానికి. ప్రీమియం లేదు, పైగా కాస్త మెరుగైన రేటు కూడా.

మన 16 దారుల మీద దీన్నే పెట్టి చూద్దాం. 82 గీత ఉన్న నాకౌట్ పుట్ విలువ 15 లక్షలు. 88 గీతతో, 85 రేటుతో 40 లక్షల డాలర్లకు రాసిచ్చే నాకిన్ కాల్ విలువ కూడా, అద్దంలో ప్రతిబింబంలా, 15 లక్షలే. ఇచ్చింది, పుచ్చుకుంది సమానం. 80 లక్షల డాలర్లకు రాసిస్తే ఇచ్చింది 30 లక్షలు, పుచ్చుకుంది 15. డాలరు 86, 87, 88, 89 అని పెరిగితే ఎగుమతిదారుకు సరుకు మీద వచ్చే అదనపు రాబడి కోటి రూపాయలు. బ్యాంకుకు కట్టాల్సింది 3 కోట్ల 20 లక్షలు. డాలరు పెరిగితే మురిసిపోవాల్సిన మనిషి 2 కోట్ల 20 లక్షలు నష్టపోతాడు. చేతికొచ్చే డాలర్లకు రెట్టింపు అమ్ముతానన్నాడు కాబట్టి, మిగతా సగం మార్కెట్లో కొని తేవాలి.

కొరియాలో ఇదే జరిగింది. 2007 చివర డాలరుకు 900 వాన్ల దాపులో ఉన్న రేటు, 2008 సంక్షోభంలో 1,500 దాకా ఎగిరింది. ఆర్డర్లు ఉన్న కంపెనీలు కూడా బ్యాంకు బకాయిల కింద నలిగిపోయాయి. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాక 2013 సెప్టెంబరులో అక్కడి సుప్రీం కోర్టు ఈ ఒప్పందాలు తమంతట తాము అన్యాయమైనవి కావని తేల్చింది, ముప్పును సరిగ్గా వివరించని చోట మాత్రం బ్యాంకు పరిహారం ఇవ్వాలంది.